లోహం కావలసిన గొలుసు

1967లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఒక పరిశోధకుడు చేసిన పొరపాటుతో ఈ కథ మొదలవుతుంది. వెల్డింగు షాపుల్లో మండించే ఎసిటిలీన్ వాయువును పాలిమర్‌గా మార్చే ప్రయోగం అది. ఎప్పుడూ నల్లటి పొడి వచ్చేది. ఆ రోజు ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. పొడికి బదులు గాజుపాత్ర గోడలకు ఒక పలచని పొర అంటుకుంది. అక్కడే పనిచేస్తున్న హిడేకి షిరకావా దాన్ని పారేయకుండా పట్టి పరీక్షించాడు. పద్ధతిని మెరుగుపరిచాక వెండిరంగులో నిగనిగలాడే పొరలు వచ్చాయి. అల్యూమినియం రేకని చెబితే నమ్మేటట్టున్న ఆ పదార్థం పేరు పాలీఎసిటిలీన్.

చూపుకు లోహమే. లెక్క ప్రకారం కూడా లోహమే కావాలి. మీటరు పెట్టి చూస్తే మాత్రం కరెంటు దాదాపు పారదు.

ముందు ఆ లెక్క ఏమిటో చూడాలి. పాలీఎసిటిలీన్ అణువు వంకరటింకరగా సాగే కార్బన్ పరమాణువుల పొడవాటి గొలుసు. ప్రతి కార్బన్‌కూ ఒక హైడ్రోజన్ అంటుకుని ఉంటుంది. కార్బన్‌కు బంధాలకు పనికొచ్చే ఎలక్ట్రాన్లు నాలుగు. అందులో మూడు అటు కార్బన్‌తో, ఇటు కార్బన్‌తో, హైడ్రోజన్‌తో గట్టి బంధాలు కట్టడంలో ఖర్చయిపోతాయి. మిగిలిన నాలుగోదే పై-ఎలక్ట్రాన్. దానికి సొంత ఇల్లంటూ లేదు. ఒక కార్బన్ నుంచి పక్క కార్బన్ మీదికి దూకగలదు, అక్కడి నుంచి ఆ పక్కదానికి. మన కథంతా ఈ నాలుగో ఎలక్ట్రాన్ గురించే.

గొలుసులో వెయ్యి కార్బన్లు ఉన్నాయనుకుందాం. అప్పుడు ఈ దూకే ఎలక్ట్రాన్లకు వెయ్యి శక్తి మెట్లు ఏర్పడతాయి. మెట్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయంటే అన్నీ కలిసి ఒకే పట్టీలా కనిపిస్తాయి. భౌతికశాస్త్రవేత్తలు దాన్ని బ్యాండ్ అంటారు. ఒక్కో మెట్టు మీద ఇద్దరికి చోటుంది. ఎలక్ట్రాన్లు వెయ్యే కాబట్టి కింది ఐదు వందల మెట్లు నిండుతాయి, పై ఐదు వందలూ ఖాళీ. అంటే బ్యాండ్ సరిగ్గా సగం నిండింది. సగం నిండిన సినిమా హాల్లో ఎవరైనా లేచి పక్క వరుసలోకి మారిపోవచ్చు; హౌస్‌ఫుల్ అయిన హాల్లో కదలడానికి చోటుండదు. కరెంటు పారాలన్నా ఎలక్ట్రాన్లు తమ మెట్టు నుంచి పక్కనే ఉన్న ఖాళీ మెట్టుకు జరగగలగాలి. సోడియం బ్యాండ్ కూడా ఇలాగే సగం నిండి ఉంటుంది, అది చక్కటి లోహం. అదే లెక్కన పాలీఎసిటిలీన్ కూడా లోహం కావాలి.

ఈ లెక్కలో పైకి చెప్పకుండా ఒప్పేసుకున్న సంగతి ఒకటుంది: కార్బన్లన్నీ సమాన దూరాల్లో నిలబడి ఉంటాయని. ఎలక్ట్రాన్లు సర్దుకునే తీరును బట్టి పరమాణువులు కూడా కదలవచ్చు కదా? జర్మనీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన రుడాల్ఫ్ పయర్ల్స్ ఈ ప్రశ్న వేసుకున్నాడు. 1955లో వచ్చిన తన ఘనపదార్థాల క్వాంటం సిద్ధాంత గ్రంథంలో, పెద్ద ఆర్భాటమేమీ లేకుండా కొద్ది పేజీల్లో జవాబు రాశాడు. సగం నిండిన ఒంటి వరుస గొలుసు సమాన దూరాల్లో నిలవలేదు, పరమాణువులు రెండేసి చొప్పున దగ్గరకు జరిగి జంటలు కడతాయి, జంట కట్టగానే అది లోహం కాకుండా పోతుంది అన్నది ఆయన తేల్చిన విషయం. రసాయన శాస్త్రవేత్తలు ఈ జంటకట్టడాన్ని డైమరైజేషన్ అంటారు.

ఎందుకు జంట కడతాయో తెలియాలంటే నిండిన మెట్లలో అన్నిటికన్నా పైదాన్ని దగ్గరగా చూడాలి. ఎలక్ట్రాన్ తరంగం కూడా కాబట్టి ప్రతి కార్బన్ మీదా దానికి ఒక గుర్తు ఉంటుంది, ప్లస్ గానీ మైనస్ గానీ. పక్కపక్క కార్బన్ల మీద ఒకే గుర్తు ఉంటే ఆ బంధం బలపడుతుంది, శక్తి తగ్గుతుంది. గుర్తులు వేరైతే బంధం బలహీనపడుతుంది, శక్తి పెరుగుతుంది. అట్టడుగు మెట్టులో అన్నీ ప్లస్సులే. పట్టీ కొసన ఉన్న మెట్టులో ప్లస్, మైనస్, ప్లస్, మైనస్ అని ప్రతి అడుగుకూ మారుతుంది. సరిగ్గా నడుమ, అంటే నిండినవి ఆగిపోయి ఖాళీవి మొదలయ్యే చోట, వరస ఇలా ఉంటుంది: ప్లస్ ప్లస్ మైనస్ మైనస్, ప్లస్ ప్లస్ మైనస్ మైనస్. ఇందులో ఒక బంధం బలపడితే ఆ పక్కది బలహీనపడుతుంది. సమాన దూరాల గొలుసులో లాభనష్టాలు చెల్లుకు చెల్లు, మొత్తం సున్నా.

ఇదే వరసను ఒక్క అడుగు పక్కకు జరపండి: ప్లస్ మైనస్ మైనస్ ప్లస్. మొదటి వరసలో బలపడిన బంధాలు ఇప్పుడు బలహీనం, బలహీనమైనవి బలం. దీని శక్తి కూడా సున్నాయే. అంటే సరిహద్దు దగ్గర ఒకే ఎత్తులో రెండు మెట్లున్నాయి, వాటి మధ్య తేడా ఒకటే: ఒకటి బేసి బంధాల మీద మొగ్గింది, ఇంకొకటి సరి బంధాల మీద. వాటి నిండా కూర్చోవడానికి ఎలక్ట్రాన్లు మాత్రం చాలవు.

ఇప్పుడు పరమాణువులు జరిగి బేసి బంధాలు పొట్టివై, సరి బంధాలు పొడుగైతే ఏమవుతుంది? బేసి వైపు మొగ్గిన మెట్టు కిందికి దిగుతుంది, సరి వైపుది పైకి పోతుంది. ఎలక్ట్రాన్లు దిగినదాన్ని నింపుకుంటాయి. పైకి పోయింది ఖాళీ మెట్టు కాబట్టి దాని బాధ ఎవరికీ లేదు. నష్టమంతా ఖాళీ కుర్చీల ఖాతాలోకి, లాభమంతా ఎలక్ట్రాన్ల ఖాతాలోకి వెళ్లింది. గొలుసును లోహం కాకుండా చేసేది ఈ ఏకపక్షపు పంపకమే.

అంకెల్లో పెట్టి చూద్దాం. 1979లో వు-పై సు, జాన్ రాబర్ట్ ష్రీఫర్, ఆలన్ హీగర్ కలిసి పాలీఎసిటిలీన్‌కు ఒక సరళమైన నమూనా కట్టారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఎస్ఎస్‌హెచ్ మోడల్ అంటారు. అందులో సమాన దూరాల గొలుసులో పక్క కార్బన్ మీదికి దూకే బలం 2.5 ఎలక్ట్రాన్ వోల్టులు. ప్రతి పరమాణువూ తన చోటు నుంచి 0.04 ఆంగ్‌స్ట్రామ్‌కు కొంచెం పైచిలుకు జరిగిందనుకుంటే పొట్టి బంధం మీద దూకే బలం సుమారు 2.85కు పెరుగుతుంది, పొడుగు బంధం మీద 2.15కు తగ్గుతుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యికోట్ల వంతు. అందులో ఇరవయ్యయిదో వంతు జరగడమన్నమాట. సరిహద్దులో ఉన్న మెట్టు శక్తి ఇక సున్నా కాదు: 2.15లోంచి 2.85 తీసేస్తే మైనస్ 0.7. దాని జోడీ ప్లస్ 0.7కు ఎగబాకింది. రెంటి నడుమ 1.4 ఎలక్ట్రాన్ వోల్టుల ఖాళీ. ఆ ఖాళీలో ఒక్క మెట్టూ లేదు.

ఈ సర్దుబాటు ఉచితంగా రాదు. బంధాలను సాగదీయడానికీ నొక్కడానికీ కూడా శక్తి కావాలి. అదే నమూనా ప్రకారం ఆ ఖర్చు ఒక్కో కార్బన్‌కు సుమారు 0.075 ఎలక్ట్రాన్ వోల్టులు. ఎలక్ట్రాన్లు మెట్లు దిగి మిగిల్చేది సుమారు 0.09. నికరంగా మిగిలేది వందో వంతుకు కొంచెం పైన. గొప్ప లాభమేమీ కాదు, కానీ లాభం లాభమే. జరుగుడు రెట్టింపు చేస్తే? ఖర్చు నాలుగింతలై 0.3 దాటుతుంది, లాభం 0.27 దగ్గరే ఆగుతుంది. అందుకే గొలుసు అంత దూరం పోదు. పదో వంతే జరిగితే మొత్తాలు చాలా చిన్నవి, కానీ లాభం ఖర్చుకు రెట్టింపుకు పైనే ఉంటుంది.

పయర్ల్స్ వాదానికి ప్రాణం ఈ చివరి వాక్యంలో ఉంది. జరుగుడు తగ్గేకొద్దీ ఖర్చు దాని వర్గంతో పడిపోతుంది. లాభం కూడా దాదాపు అలాగే పడిపోతుంది గానీ, దానికి నెమ్మదిగా పెరిగే ఒక లాగరిథమ్ తోడుంటుంది. సరిహద్దు మెట్టు ఒక్కటే కాక దాని కింద ఉన్నవన్నీ తలా కాస్త దిగడంవల్ల వచ్చే తోడు అది. ఫలితంగా ఎంత చిన్న జరుగుడు దగ్గరైనా లాభానిదే పైచేయి. బంధాలు ఎంత గట్టివైనా సరే, సమాన దూరాల గొలుసు మొదటి కదలికకే ఓడిపోతుంది. గట్టి బంధాలు జరుగుడును చిన్నది చేయగలవు, లేకుండా చేయలేవు.

మరి సోడియం ఎందుకు జంట కట్టలేదు? అక్కడ ఎలక్ట్రాన్లు మూడు దిక్కులా తిరుగుతాయి. నిండినవాటికీ ఖాళీవాటికీ మధ్య సరిహద్దు ఒక గోళం ఉపరితలం. పరమాణువులు ఏదో ఒక దిక్కులో ఏదో ఒక తీరులో జరిగితే ఆ గోళంలో చిన్న ముక్క దగ్గరే ఖాళీ తెరుచుకుంటుంది, మిగతా సరిహద్దు చెక్కుచెదరదు. లాభం కొద్ది, ఖర్చు మొత్తం. ఒంటి వరుస గొలుసులో సరిహద్దు అంటే రెండే రెండు బిందువులు, ఒకటి కుడివైపు పోయే ఎలక్ట్రాన్లది, ఒకటి ఎడమవైపు పోయేవాటిది. ఒక్క జరుగుడు ఆ రెంటినీ ముడివేసి మొత్తం సరిహద్దును తుడిచేస్తుంది. బ్యాండ్ సగం నిండినప్పుడు ఆ ముడివేసే జరుగుడు కచ్చితంగా రెండు పరమాణువులకోసారి తిరిగొచ్చేది. మూడో వంతు నిండితే జంటలకు బదులు మూడేసి గుంపులయ్యేవి.

ఒంటి వరుసలో ఉన్నవన్నీ జంట కడతాయా అంటే, బెంజీన్ అడ్డొస్తుంది. ఆరు కార్బన్ల ఉంగరం, ఆరు పై-ఎలక్ట్రాన్లు, బ్యాండ్ సగం నిండినట్టే లెక్క. అయినా ఆరు బంధాలూ సమానమే, ఒక్కోటి దాదాపు 1.39 ఆంగ్‌స్ట్రామ్. కారణం, ఉంగరం చిన్నదైనప్పుడు మెట్లు దూరదూరంగా ఉంటాయి. నిండిన పైమెట్టుకూ ఖాళీ కిందిమెట్టుకూ మధ్య ముందే బోలెడు ఎడం ఉంది, సరిగ్గా సరిహద్దు మీద కూర్చునే జోడీ మెట్లు లేవు. లాగరిథమ్ పెరగడానికి చోటు లేదు. ఉంగరం పెద్దదయ్యేకొద్దీ ఈ రక్షణ కరిగిపోతుంది. పొడవాటి గొలుసుల్లో బంధాలు పొట్టి, పొడుగులుగా విడిపోవాల్సిందేనని 1959లో లాంగెట్-హిగ్గిన్స్, సేలెమ్ అనే రసాయన శాస్త్రవేత్తలు లెక్కకట్టి చూపించారు.

ఇంత చిన్న తేడాను కొలవడం ఎలా? పాలీఎసిటిలీన్ పొరలో గొలుసులు చిందరవందరగా అల్లుకుని ఉంటాయి, మంచి స్ఫటికాలు దొరకవు. 1983లో ఐబీఎం పరిశోధకులు యానోనీ, క్లార్క్ అయస్కాంత అనునాదంతో ఆ పని చేశారు. ఆసుపత్రుల్లో ఎంఆర్ఐ పనిచేసే సూత్రమే ఇది. పక్కపక్కనే ఉన్న రెండు కార్బన్ కేంద్రకాలు ఒకదాన్నొకటి ప్రభావితం చేసే బలం వాటి మధ్య దూరం మీద ఆధారపడుతుంది. ఆ బలాన్ని కొలిచి దూరం రాబట్టారు. ఒక దూరం కాదు, రెండు వచ్చాయి: 1.36, 1.44 ఆంగ్‌స్ట్రామ్‌లు. సమాన దూరాల గొలుసైతే ఒకటే అంకె వచ్చేది.

ఖాళీని వెలుతురు చూపిస్తుంది. ఈ పొర తక్కువ శక్తి ఉన్న పరారుణ కాంతిని పెద్దగా పట్టించుకోదు. కాంతి శక్తి సుమారు 1.4 ఎలక్ట్రాన్ వోల్టులకు చేరేసరికి ఒక్కసారిగా పీల్చుకోవడం మొదలుపెడుతుంది. ఎలక్ట్రాన్లు ఖాళీని దాటి పైకెక్కే చోటు అదే. గది వేడి ఎలక్ట్రాన్‌కు ఇవ్వగలిగేది 0.025 ఎలక్ట్రాన్ వోల్టులే, ఖాళీలో యాభయ్యో వంతు కన్నా తక్కువ. ఆ సొమ్ముతో అవతలికి దాటేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. కింది బ్యాండ్ నిండుగా, పై బ్యాండ్ ఖాళీగా ఉండిపోయాయి. రెంటిలోనూ కరెంటు మోసేవాళ్లు లేరు. ఇంతకన్నా కాస్త చిన్న ఖాళీ, 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు, సిలికాన్‌లోనూ ఉంటుంది. సిలికాన్ ఖాళీ దాని స్ఫటిక నిర్మాణంలోనే ఉంది. పాలీఎసిటిలీన్ ఖాళీని మాత్రం ఎలక్ట్రాన్లే పరమాణువులను జరిపి తెచ్చిపెట్టుకున్నాయి.

తెచ్చిపెట్టుకున్నదాన్ని పోగొట్టుకోవడమూ సాధ్యమే. వేడి చేస్తే కొన్ని ఎలక్ట్రాన్లు పైకి ఎగబాకి ఖాళీ కుర్చీల్లో కూర్చుంటాయి, ఆ నష్టం ఇప్పుడు వాటిది కూడా అవుతుంది. చాలినన్ని ఎక్కితే జంట కట్టడంలో లాభం ఉండదు, గొలుసు మళ్లీ సమానమవుతుంది, లోహమవుతుంది. 1.4 ఎలక్ట్రాన్ వోల్టుల ఖాళీకి సూటి లెక్క వేస్తే ఇలా జరగాల్సిన ఉష్ణోగ్రత నాలుగు వేల కెల్విన్ దాటుతుంది. ఏ పాలిమరూ అంత వేడికి బతికి బట్టకట్టదు. అందుకే పాలీఎసిటిలీన్ లోహంగా మారడం ఇలా ఎవరూ చూడలేరు. చూడాలంటే టీటీఎఫ్-టీసీఎన్‌క్యూ అనే స్ఫటికం దగ్గరకు వెళ్లాలి. చదునైన అణువులు నాణేల దొంతరల్లా పేర్చుకున్న ఈ పదార్థం 1973లో సంచలనం రేపింది. చల్లబరిచేకొద్దీ మెరుగైన వాహకమవుతూ వచ్చి, సుమారు 54 కెల్విన్ దగ్గర అడ్డం తిరిగి బంధకంగా మారిపోతుంది. అక్కడ బ్యాండ్ సరిగ్గా సగం నిండలేదు కాబట్టి అది జంటకట్టడం కాదు, కానీ పయర్ల్స్ వాదం అదే. ఇందులో కాస్త వ్యంగ్యం కూడా ఉంది. 1954లో హెర్బర్ట్ ఫ్రోలిష్ ఇదే ఒంటి వరుస లెక్కను అతివాహకతకు వివరణగా ప్రతిపాదించాడు. నిజమైన గొలుసులు అందుకు పూర్తి విరుద్ధంగా బంధకాలయ్యాయి.

షిరకావా వెండి పొరలను నిజంగా లోహం చేసింది వేడి కాదు, రసాయనం. 1976 చివర్లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అలన్ మెక్‌డయార్మిడ్‌తో కలిసి షిరకావా ఆ పొర మీదికి బ్రోమిన్ ఆవిరి పంపాడు. నిమిషాల్లో వాహకత కోటి రెట్లు పెరిగింది. హీగర్ కూడా కలిసి అయోడిన్‌తో చేసిన ప్రయోగాలు 1977లో అచ్చయ్యాయి. 2000లో ముగ్గురికీ రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

బ్రోమిన్, అయోడిన్ గొలుసు నుంచి ఎలక్ట్రాన్లను లాక్కుంటాయి. సిలికాన్‌లోనైతే అలా లాగితే కింది బ్యాండ్‌లో రంధ్రం మిగులుతుంది, అదే కరెంటు మోస్తుంది. ఇక్కడ జరిగేది వేరు, దానికి కారణం మళ్లీ జంటకట్టడమే. బేసి బంధాలు పొట్టివి కావచ్చు, సరి బంధాలు పొట్టివి కావచ్చు. రెండు అమరికల శక్తీ ఒక్కటే. ఒక గొలుసులో ఎడమ భాగం ఒక అమరికలో, కుడి భాగం ఇంకొక అమరికలో ఉంటే నడుమ ఎక్కడో రెండూ కలవాలి. ఆ అతుకు ఒక్క పరమాణువు దగ్గర పుటుక్కున మారదు. ఎస్ఎస్‌హెచ్ లెక్కలో అది సుమారు పద్నాలుగు కార్బన్ల మీద పరుచుకుంటుంది. అక్కడ జంటకట్టడం సున్నాకు పడిపోతుంది కాబట్టి ఖాళీకి నట్టనడుమ ఒంటరిగా ఒక మెట్టు పుడుతుంది. ఈ అతుకుకు సొలిటాన్ అని పేరు. అయోడిన్ ఎలక్ట్రాన్లను లాగినప్పుడు గొలుసుకు చౌకగా పడేది రంధ్రం పెట్టుకోవడం కాదు, ఇలాంటి అతుకులు పుట్టించి ఆ నడిమెట్టును ఖాళీ చేయడం. అలా ఖాళీ అయిన అతుకుకు విద్యుదావేశం ఉంటుంది గానీ ఎలక్ట్రాన్‌కు సహజమైన అయస్కాంత గుణం, స్పిన్, ఉండదు. ప్రయోగాల్లో కనిపించిందీ అదే: కొద్దిపాటి డోపింగ్‌కే వాహకత పైకి ఎగసింది, అయస్కాంత సంకేతం మాత్రం పెరగలేదు. డోపింగ్ ఆరు శాతం దాటాకే లోహాల్లో కనిపించే అయస్కాంత ప్రవర్తన మొదలవుతుంది.

ఇంత అందంగా కుదిరిన నమూనాలో ఒక లోటు ఉంది. 0.04 ఆంగ్‌స్ట్రామ్ జరుగుడు వంకర గొలుసులో పొట్టి, పొడుగు బంధాల మధ్య 0.14 దాకా తేడా తేవాలి. అయస్కాంత అనునాదం కొలిచిన తేడా 0.08. అంటే జంటకట్టడం లెక్క చెప్పినంత లేదు, ఖాళీ మాత్రం అంతే ఉంది. మిగతా ఖాళీని తెరిచిందెవరు? ఎస్ఎస్‌హెచ్ లెక్క పక్కనపెట్టిన శక్తి ఒకటుంది: ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒకే కార్బన్ మీద రెండు ఎలక్ట్రాన్లు కూర్చోవడం ఖరీదైన పని అయితే, సగం నిండిన గొలుసులో ఒక్కోటి ఒక్కో కార్బన్‌కు అతుక్కుపోతాయి. అప్పుడు పరమాణువులు అంగుళం కదలకపోయినా కరెంటు ఆగిపోతుంది. ఇలాంటి పదార్థాలను మాట్ బంధకాలంటారు.

పాలీఎసిటిలీన్‌లో ఈ తోపులాట నిజంగా ఉందనడానికి ఆధారం పొట్టి గొలుసుల్లో దొరికింది. తోపులాట లేకపోతే మొదటి ఉత్తేజిత స్థితి కాంతిని పీల్చుకునేదే కావాలి. 1972లో హడ్సన్, కోలర్ ఒక పొడవాటి పాలీయీన్ అణువులో దానికన్నా కింద కాంతికి నేరుగా స్పందించని మరో స్థితి ఉందని పట్టుకున్నారు. ఆ వరస తోపులాట లేకుండా రాదు. అయితే తోపులాట ఉంటే జంటకట్టడం చెడిపోతుందని చాలామంది అనుకున్నారు. 1983లో సుమిత్ మజుందార్, ఎస్.ఎన్. దీక్షిత్ లెక్కలు తిరగేసి చూపించారు: తోపులాట ఒక మోస్తరుగా ఉన్నప్పుడు బంధాల జంటకట్టడం బలహీనపడదు, బలపడుతుంది, మరీ పెరిగితేనే తగ్గడం మొదలవుతుంది. కాబట్టి ఈ గొలుసు బంధకమైంది పయర్ల్స్ వల్లా, మాట్ వల్లా అని విడదీసి అడగడంలో పెద్ద అర్థం లేదు. 1.4 ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఇద్దరికీ వాటా ఉంది. ఎవరి వాటా ఎంతన్నది గొలుసును బట్టి మారుతుంది.